తెలుగు వ్యాఖ్యానానికి ఇంగ్లీషు గడియారమా?

సంపాదక మహాశయా,

ఈ మధ్య మనవరాలిని వెంటబెట్టుకుని నగరంలోని ఒక పాత కట్టడం చూడటానికి వెళ్లాను. చెవికి తగిలించుకునే పరికరం ఇచ్చారు. అంకె నొక్కితే ఆ మజిలీ కథ తెలుగులో వినిపిస్తుంది, చేతిలోని తెరమీద పాత ఫొటో కనిపిస్తుంది. సంబరపడ్డాను గానీ మూడో మజిలీకే ఆ సంబరం చల్లారింది. చదివే అమ్మాయి ఊపిరి తీసుకోకుండా పరుగెడుతోంది. తప్పు ఆమెది కాదు. ఇంగ్లీషు ప్రతికి తొంభై సెకన్లు లెక్కగట్టి, తెలుగునూ అందులోనే కుక్కారు.

చాలా ఏళ్లు రేడియోలో చదివినవాణ్ణి కనుక ఇంటికొచ్చి గడియారం పెట్టుకుని చూశాను. తలెత్తి చూస్తూ వినేవారికి అందేలా చదివితే నిమిషానికి తొంభై తెలుగు మాటలు దాటలేదు. మన మాటలు పొడుగు. ‘కట్టించినప్పటికీ’ అన్నది లెక్కకు ఒక్క మాటే అయినా పలకడానికి ఇంగ్లీషులో నాలుగు మాటల సమయం పడుతుంది. అందుకే నిడివిని తెలుగు ప్రతి గట్టిగా చదివాకే నిర్ణయించాలి.

గోల్కొండలో బాలా హిసార్ ద్వారం సంగతే తీసుకోండి. దాన్ని ఒకటో మజిలీ అనుకుని డెబ్బై అయిదు సెకన్లు కేటాయిద్దాం. ముందు ద్వారం పైన చెక్కిన నెమళ్లనూ సింహాలనూ చూపించాలి. తరువాత గుమ్మటం కిందికి రమ్మని, చప్పట్లు కొట్టమని చెప్పి, పది సెకన్లు మౌనంగా ఉండాలి. ఆ చప్పుడు కొండమీది బారాదరి దాకా వినబడుతుందన్న మాట ఆ తరువాతే చెప్పాలి. మిగిలిన అరవై అయిదు సెకన్లకు తొంభై అయిదు మాటలు చాలు. అక్కడ తెరమీద బొమ్మ ఏదీ వద్దు, కళ్లు పైనే ఉండనివ్వాలి. మెట్లెక్కేటప్పుడైతే వ్యాఖ్యానమే వద్దు. రొప్పుతున్నవాడికి 1687 నాటి ముట్టడి కథ ఏం తలకెక్కుతుంది!

ఇక ఫొటోలు. నేను వెళ్లినచోట చార్మినార్ పాత చిత్రం కింద 1895 అని రాశారు. మనవరాలు తెరను పెద్దది చేసి, “తాతయ్యా, గడియారం ఏది?” అంది. నాలుగు వైపులా ఆ గడియారాలు పెట్టింది 1889లో. అవి లేవంటే చిత్రం అంతకు ముందుదే. సంవత్సరం తెలియకపోతే ‘1889కి ముందు’ అని రాస్తే సరిపోయేది. ఏ దిక్కు నుంచి తీశారో, అసలు ప్రతి ఎక్కడ ఉందో కూడా ప్రతి బొమ్మ పక్కన రాసి ఉంటే, చూసేవాడు ఆ చోటే నిలబడి పోల్చుకోగలడు.

ఇలాంటి పనులు అప్పగించేవారు ప్రతిని బల్లమీద చదివి ఆమోదించకుండా, ఎవరో ఒకరిని ఆ రాతతో, ఒక గడియారంతో ప్రతి మజిలీ దగ్గరా నిలబెట్టి చదివించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్