బిల్లులో ‘ఏసీడీ’ ఎందుకు పడిందని అడిగేవారికి జవాబు దొరికే శీర్షికలు కావాలి: ఇంధన శాఖ మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఇంధన శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. విద్యుత్ పంపిణీ సంస్థలు తమ వెబ్‌సైట్లలోను, మొబైల్ యాప్‌లలోను వినియోగదారుల కోసం ఉంచే సహాయ వ్యాసాల శీర్షికల గురించి మీకు ఈ లేఖ రాస్తున్నాను. పన్నెండేళ్లుగా నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ కస్టమర్ సపోర్ట్ విభాగంలో ఇటువంటి వ్యాసాలు రాయడం, ఇతరులు రాసినవి దిద్దడం వృత్తిగా చేస్తున్నాను. వ్యాసంలో జవాబు సరిగానే ఉన్నా శీర్షిక సరిగా లేనందువల్ల అది మనిషికి చేరకపోవడం ఈ వృత్తిలో నేను అన్నిటికంటే ఎక్కువగా చూసిన లోపం.

ఒక చిన్న పట్టణంలో ఉండే మా మేనత్తకు ఒక నెల కరెంటు బిల్లులో ఏసీడీ పేరుతో 400 రూపాయలు అదనంగా పడ్డాయి. ఆమె చదువుకున్న మనిషి, ఫోను బాగానే వాడుతుంది. సంస్థ సహాయ పేజీ తెరిచి, వెతికే గడిలో bill lo acd enduku అని కొట్టింది. ఫలితాలు లేవని వచ్చింది. తెలుగులో ‘బిల్లులో ఏసీడీ ఎందుకు’ అని కొట్టినా అదే వచ్చింది. మర్నాడు ఆమె ఎండలో కార్యాలయానికి వెళ్లి, వరుసలో నిలబడి, అది డిపాజిట్ అని తెలుసుకుని తిరిగి వచ్చింది. ఆ సాయంత్రం నేను అదే పేజీలో ఓపికగా వెతికితే, ఆమె ప్రశ్నకు పూర్తి జవాబు ఉన్న వ్యాసం ‘అదనపు వినియోగ డిపాజిట్ - నియమ నిబంధనలు’ అనే శీర్షిక కింద కనిపించింది. ఏసీడీ అనే మాట ఆ శీర్షికలో లేదు. లోపల కూడా, స్కాన్ చేసి అతికించిన ఒక ఉత్తర్వు బొమ్మలో మాత్రమే ఉంది. బొమ్మలో ఉన్న అక్షరాలను మామూలు సెర్చ్ చదవలేదు. అది ఏ సంస్థ పేజీ అన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఎందుకంటే ఈ లోపం ఒక్క చోటికి పరిమితమైనది కాదు.

ఇలా ఎందుకు జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పడానికి అనుమతించండి. చాలా సహాయ పేజీలలోని సెర్చ్, మనిషి కొట్టిన మాటలు ఏ వ్యాసంలో ఉన్నాయో చూస్తుంది. సాధారణంగా వ్యాసం మధ్యలో దొరికిన మాటకంటే శీర్షికలో దొరికిన మాటకు ఎక్కువ విలువ ఇస్తుంది. కాబట్టి మనిషి వాడే మాట శీర్షికలో లేకపోతే వ్యాసం ఫలితాలలో కిందికి జారుతుంది, ఎక్కడా లేకపోతే అసలు రాదు. ఒకవేళ వచ్చినా, ఫోను తెరపై నాలుగైదు శీర్షికలను పైపైన చూసుకుంటూ పోయే వ్యక్తి తన బాధ ఏ వాక్యంలో ఉన్నదో ఆ వాక్యం మీదే వేలు పెడతాడు. ‘నియమ నిబంధనలు’ అనే మాట చూస్తే అది తన కోసం రాసినది కాదని అనుకుని దాటిపోతాడు.

ఒకే విషయానికి మనుషులు వేర్వేరు పేర్లు పెడతారన్నది కొత్త సంగతి కాదు. 1987లో అమెరికాలో కొందరు పరిశోధకులు దీన్ని కొలిచి చూశారు: ఒకే పనికి లేదా వస్తువుకు ఇద్దరు మనుషులు తమంతట తాము ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతానికి మించదని వారు తేల్చారు. శాఖలో అందరికంటే బాగా తెలిసిన అధికారి ఎంత ఆలోచించి ఒక్క పేరు పెట్టినా, అయిదుగురిలో నలుగురికి అది తట్టదన్న మాట. దీనికి వారు సూచించిన పరిష్కారం మరింత మంచి పేరు వెతకడం కాదు. ఒక్కొక్క విషయానికి జనం వాడే మాటలన్నిటినీ ప్రవేశ ద్వారాలుగా అంగీకరించడం. కస్టమర్ సపోర్ట్ రంగంలో వ్యాసాలు రాసేవారు అనుసరించే పద్ధతి కూడా ఇదే చెబుతుంది: సమస్యను అడిగినవారి సొంత మాటల్లోనే నమోదు చేయాలి, పరిష్కారాన్ని మాత్రం సంస్థ తన మాటల్లో రాయాలి.

ఇప్పుడు ఏసీడీ విషయాన్నే తీసుకుని, వ్యాసం ఎలా ఉండాలో చూపిస్తాను. 2023 ఆరంభంలో తెలంగాణలో ఈ మూడక్షరాల మీద ఎంత చర్చ జరిగిందో మీకు తెలిసినదే. నెలనెలా బిల్లు వచ్చే వినియోగదారుడి సెక్యూరిటీ డిపాజిట్ రెండు నెలల చార్జీలకు సరిపడా ఉండాలి. అంతకు ముందు ఏడాది వాడకం సగటును బట్టి దాన్ని సరిచూసి, తక్కువ పడిన మొత్తాన్ని ఏసీడీగా అడుగుతారు. మా మేనత్త ఇంట్లో నెలసరి సగటు 600 రూపాయలు, అంటే డిపాజిట్ 1200 ఉండాలి. ఆమె పేరిట ఉన్నది 800 కాబట్టి తక్కువ పడిన 400 బిల్లులో కలిసింది. ఈ డబ్బు మీద వడ్డీ ఇవ్వాలని 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఇంత సంగతి నాలుగు వాక్యాల్లో చెప్పవచ్చు. దానికి నేను పెట్టే శీర్షిక ఇది: ‘కరెంటు బిల్లులో ఏసీడీ పేరుతో డబ్బులు ఎందుకు పడ్డాయి?’ వ్యాసం మొదటి వాక్యంలోనే ‘ఏసీడీ అంటే అదనపు వినియోగ డిపాజిట్’ అని అధికారిక పేరు వస్తుంది కాబట్టి, ఆ పేరుతో వెతికే ఉద్యోగికి, న్యాయవాదికి కూడా వ్యాసం దొరుకుతుంది. అధికారిక పదాన్ని వదిలేయమని నేను కోరడం లేదు. దాని చోటు శీర్షికలో కాదు, శీర్షిక కింద అని మాత్రమే అంటున్నాను.

శీర్షికలో అన్ని మాటలూ పట్టవు, పట్టించబోతే అది చదవడానికి వీల్లేని మాటల మూట అవుతుంది. అందుకే చాలా సహాయ వ్యాస వ్యవస్థల్లో చదివేవారికి కనిపించకుండా సెర్చ్‌కు మాత్రమే ఉపయోగపడే గడి ఒకటి ఉంటుంది. జనం నిజంగా కొట్టే మాటలను, తప్పులతో సహా, అందులో చేర్చాలి:

```
acd ante enti
bill lo acd enduku
current bill lo deposit
ఏసిడి చార్జీలు
కరెంట్ బిల్లులో డిపాజిట్
```

ఈ గడి విషయంలో తెలుగుకు ఉన్న ప్రత్యేకమైన చిక్కులు రెండు ఉన్నాయి, ఇంగ్లీషు కోసం తయారైన వ్యవస్థను కొని తెచ్చుకున్నవారు వాటిని గమనించరు. మొదటిది విభక్తులు. బిల్లు, బిల్లులో, బిల్లుకి, బిల్లుమీద అన్నవి మనకు ఒకే మాట రూపాలు, తెలుగు వ్యాకరణం తెలియని సెర్చ్‌కు నాలుగు వేర్వేరు మాటలు. కాబట్టి శీర్షికలో ‘బిల్లులో’ ఉంటే ఆ గడిలో ‘బిల్లు’ అనే విడి రూపం కూడా ఉండాలి. రెండవది కంటికి కనిపించనిది. ‘ఆన్‌లైన్’ అని రాసేటప్పుడు పొల్లు విడిగా నిలబడడానికి మధ్యలో U+200C అనే కనిపించని అక్షరం పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. వేయకపోతే ‘ఆన్లైన్’ అని ఒత్తుతో వస్తుంది. సెర్చ్‌కు ఈ రెండూ వేర్వేరు మాటలే. వెతికేముందు మనిషి కొట్టిన మాటలోను, వ్యాసంలోని మాటలోను ఆ అక్షరాన్ని తొలగించే ఏర్పాటు సాంకేతిక సిబ్బందికి చిన్న పనే, కానీ ఆ పని ఉందని ఎవరో ఒకరు వారికి చెప్పాలి.

జనం మాటలు వాడినంత మాత్రాన పని పూర్తి కాదన్నది కూడా నేను ఒప్పుకోవాలి. ‘కరెంటు బిల్లు ఎక్కువ వచ్చింది’ అన్నది బహుశా అందరూ అనే మాట, అయినా అది ఒంటరిగా మంచి శీర్షిక కాదు. ఆ మాట వెనుక ఏసీడీ ఉండవచ్చు, కిందటి నెల ఇంటికి తాళం ఉండి రీడింగ్ తీయకపోవడం ఉండవచ్చు, వాడకం పెరిగి స్లాబు మారడం ఉండవచ్చు, మీటరే చెడిపోయి ఉండవచ్చు. అన్నిటినీ ఒకే వ్యాసంలో కుక్కితే ప్రతివారూ మూడు వంతులు తమకు సంబంధం లేనిది చదవాలి. వీటిని విడదీయవలసింది కారణాన్ని బట్టి కాదు, ఎందుకంటే కారణం తెలిస్తే ఆ మనిషి అడగనే అడగడు. అతడు బిల్లు చేతిలో పట్టుకుని తన కళ్లతో చూడగలిగిన గుర్తును బట్టి విడదీయాలి: ‘ఊరెళ్లి వచ్చాక కరెంటు బిల్లు ఒక్కసారిగా ఎక్కువ వచ్చింది’, ‘వాడకం అంతే ఉన్నా కరెంటు బిల్లు ఎక్కువ వచ్చింది’. అలాగే ఏసీడీలోనే అద్దెకు ఉండేవారి ప్రశ్న వేరు. డిపాజిట్ ఇంటి యజమాని పేరిట ఉంటుంది, బిల్లు కట్టేది అద్దెకున్నవారు. ‘అద్దె ఇంట్లో ఉంటున్నాం, ఏసీడీ మేము కట్టాలా, ఓనరు కట్టాలా?’ అన్నది విడిగా ఒక వ్యాసానికి శీర్షిక కావలసిన ప్రశ్న.

ఈ మాటలు ఎక్కడి నుంచి వస్తాయన్న సందేహానికి సమాధానం మీ దగ్గరే ఉంది. 1912 నంబరుకు వచ్చే ప్రతి కాల్‌లో వినియోగదారుడు చెప్పే మొదటి వాక్యమే శీర్షికకు ముడిసరుకు. అయితే కాల్ అందుకున్న ఉద్యోగి ఆ వాక్యాన్ని రాయకుండా జాబితాలోంచి ‘బిల్లింగ్ ఫిర్యాదు’ అని ఎంచుకుంటే, ఆ ముడిసరుకు అక్కడే పోతుంది. ఒక్క గడి అదనంగా పెట్టి, విన్నది విన్నట్టు ఒక వాక్యం రాయమంటే చాలు. రెండవ ఆధారం, ఫలితాలు లేవని వచ్చిన వెతుకులాటల చిట్టా. దాన్ని నెలకొకసారి తెరిచి, ఎక్కువసార్లు కనిపించిన యాభై మాటలను ఒక మనిషి కూర్చుని చదివితే, ఏ వ్యాసానికి పేరు మార్చాలో, ఏది అసలు రాయలేదో అదే చెబుతుంది. ఒక వ్యాసాన్ని ఎందరు తెరిచారన్న లెక్కతో మాత్రం తృప్తి పడకూడదు. తెరిచిన తరువాత అదే సంగతి మీద మళ్లీ ఫోను చేశారంటే, శీర్షిక పిలిచింది కానీ వ్యాసం జవాబు చెప్పలేదని అర్థం.

మీ ముందు నేను ఉంచే అభ్యర్థన చిన్నది. రెండు రాష్ట్రాలలోను ఏదో ఒక పంపిణీ సంస్థలో, బిల్లులకు సంబంధించిన ఇరవై వ్యాసాలను మాత్రమే తీసుకుని ఈ పద్ధతిలో శీర్షికలు తిరగరాయించండి. మార్చడానికి ముందు, శాఖతో సంబంధం లేని పదిమందికి బిల్లులు చేతికిచ్చి, వారు తమ ఫోన్లలో తమకు తోచినట్టు వెతకమని అడిగి, సరైన వ్యాసం మొదటి మూడు ఫలితాలలో ఎన్నిసార్లు వచ్చిందో రాయించండి. మార్చిన తరువాత వేరే పదిమందితో అదే చేయించండి. వారిలో రోమన్ అక్షరాలలో తెలుగు కొట్టేవారు, మాట్లాడి వెతికేవారు, అద్దె ఇళ్లలో ఉండేవారు తప్పక ఉండేలా చూడండి. ఆ రెండు లెక్కలనూ, మార్చిన శీర్షికలనూ ప్రజల ముందు ఉంచితే, మిగిలిన సేవల వ్యాసాలు రాసేవారికి కూడా అవి పనికొస్తాయి. ఆ ఇరవై శీర్షికల ముసాయిదా రాసి ఇవ్వడానికి నేను ప్రతిఫలం లేకుండా సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విద్యుత్ వినియోగదారుడు, సహాయ వ్యాసాల రచయిత
హైదరాబాదు