కల్యాణ మండపం: జమా ఖర్చులు, మూడో రన్నింగ్ బిల్లు ఆలస్యంపై వివరణ

చందాదారులందరికీ నమస్కారం. హామీ ఇచ్చిన 32,00,000 రూపాయల్లో ఇప్పటి వరకు 23,40,000 వసూలయ్యాయి. మాట ప్రకారం ఇచ్చిన ప్రతి కుటుంబానికీ కృతజ్ఞతలు. మిగిలిన 8,60,000 కోసం కోశాధికారి ఇప్పటికే మూడుసార్లు ఇల్లిల్లూ తిరిగారు.

ఖర్చులు: ప్లాను ఫీజు 70,000, బోరు, మోటారు, తాత్కాలిక కరెంటు 1,65,000. ఈ రెండింటి రసీదులు ఫైల్లో ఉన్నాయి. కాంట్రాక్టరుకు మొత్తం 18,55,000 ఇచ్చాం.

మూడో బిల్లును 19 రోజులు ఆపడంపైనే ఊళ్లో రకరకాల మాటలు వచ్చాయి. కూలీలు ఇబ్బంది పడ్డారన్నది నిజమే, అందుకు బాధపడుతున్నాం. కానీ ఆ బిల్లు వచ్చినట్టే చెల్లించి ఉంటే 3,95,000 అదనంగా పోయేవి.

పని సాగుతుండగా కాంట్రాక్టరు ఇచ్చే రన్నింగ్ బిల్లులో మొదటి నుంచి జరిగిన పని విలువంతా చూపిస్తారు. కాంట్రాక్టరు దాన్ని 20,00,000గా వేశారు. ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మన ఊరి పెద్దాయన, మేము కలిసి టేపుతో కొలిచాం. వెనుక గోడ బయటి వైపు 25 మీటర్ల పొడవు, 8 మీటర్ల ఎత్తు ప్లాస్టరింగ్ అయినట్టు బిల్లులో ఉంది. అక్కడ ఇటుకలు ఇంకా బయటికే కనబడుతున్నాయి. 200 చదరపు మీటర్లకు, మీటరు 300 చొప్పున 60,000 తీసేసి, 19,40,000గా కొలతలు రాసే ఎం-బుక్‌లో రాశాం.

అసలు తేడా ఇంకోచోట ఉంది. మొదటి రెండు బిల్లుల పని విలువ 14,00,000. అందులో లోపాలకు హామీగా మన దగ్గర ఆపి ఉంచే రిటెన్షన్ 5 శాతం చొప్పున 70,000, ముందుగా ఇచ్చిన 4,00,000 అడ్వాన్సును తిరిగి రాబట్టుకునే రికవరీ 20 శాతం చొప్పున 2,80,000 పట్టుకుని, చేతికి 10,50,000 ఇచ్చాం. కాంట్రాక్టరు 20,00,000 నుంచి ఈ 10,50,000 మాత్రమే తీసేసి, కోతలను కొత్త పని 6,00,000కే వేసి, 8,00,000 అడిగారు. అలా ఇస్తే పాత బిల్లుల్లో పట్టుకున్న 3,50,000 ఆయనకే తిరిగి వెళ్లిపోయేది.

మొత్తం విలువ నుంచి చేతికిచ్చిన సొమ్ము తీసేస్తే కోతలు కూడా మొత్తం విలువ మీదే లెక్కించాలి. 19,40,000లో రిటెన్షన్ 97,000, రికవరీ 3,88,000 పోగా 14,55,000. ముందు ఇచ్చిన 10,50,000 తీసేస్తే 4,05,000. అదే చెల్లించాం. ఎం-బుక్ ముందు పెట్టి మాట్లాడాక కాంట్రాక్టరు ఒప్పుకుని సంతకం చేశారు.

సరిచూడదలచినవారు ఇలా చూడవచ్చు: పని విలువ 19,40,000లో రిటెన్షన్ తీసేసి, 4,00,000 అడ్వాన్సులో ఇంకా వసూలు కావలసిన 12,000 కలిపితే 18,55,000 వస్తుంది. అడ్వాన్సుతో సహా మేము ఇచ్చిన నగదు సరిగ్గా అంతే.

బ్యాంకులో 2,50,000 ఉంది. అందులో 97,000 కాంట్రాక్టరుదే. పని పూర్తయిన 12 నెలలకు, లోపాలు లేకపోతే తిరిగి ఇవ్వాలి. కాబట్టి పనికి చేతిలో ఉన్నది 1,53,000 మాత్రమే. బకాయిలు రాకపోతే నాలుగో బిల్లు ఆగుతుంది, ఈసారి లెక్కల వల్ల కాదు.