రసీదు పోయినంత మాత్రాన అమ్మ నగ ఆగాలా?

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నర్ గారికి,

నమస్కారం. మా అమ్మ నాలుగు కాసుల గొలుసు బ్యాంకులో కుదువ పెట్టి 1,20,000 రూపాయలు తీసుకుంది. ఒక సోమవారం అసలు, వడ్డీ మొత్తం కట్టేసింది. ఖాతా ముగిసిందని ఫోనుకు మెసేజీ కూడా వచ్చింది. అయితే తాకట్టు రసీదు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. గొలుసు చేతికి రావడానికి 23 రోజులు పట్టింది.

మొదటి రోజు పోలీస్ స్టేషన్ నుంచి కాగితం తెమ్మన్నారు. అది తెస్తే, తర్వాత బ్యాంకుకు నష్టమేదైనా వస్తే మేమే భరిస్తామని స్టాంపు కాగితం మీద రాసిచ్చే ఇండెమ్నిటీ బాండు అన్నారు. అదీ ఇస్తే ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు. అన్నీ ఎనిమిదో రోజుకు పూర్తయ్యాయి. ఆ తర్వాత నగ తూకం, నాణ్యత చూసే అప్రైజర్ సెలవులో ఉన్నారు, రేపు రండి అంటూ తిప్పారు.

అప్పు పూర్తిగా తీరిన రోజే, లేదా గరిష్ఠంగా ఏడు పనిదినాల్లో నగ తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని 2025 జూన్‌లో మీరే నిబంధన పెట్టారు. ఆ మాట ఎత్తితే, "రసీదు పోగొట్టుకుంది మీరు, ఆలస్యం మాది కాదు" అన్నారు. మరి కాగితాలన్నీ ముట్టాక గడిచిన రోజులు ఎవరివి? ఎనిమిదో రోజు నుంచి లెక్క మొదలుపెట్టి ఏడు పనిదినాలు తీసేసినా, కనీసం ఆరు రోజుల ఆలస్యం వాళ్లదే. అంటే 30,000 రూపాయలు. "మీ వల్లే ఆలస్యం" అన్న ఒక్క మాటతో అది మాయమైపోయింది.

బాండు అడగడాన్ని నేను తప్పుపట్టను. రేపు ఇంకెవరో ఆ రసీదు పట్టుకొచ్చి గొలుసు నాదంటే బ్యాంకుకూ భయమే. కానీ రసీదు ఎవరి చేతిలో ఉంటే నగ వాళ్లది అయిపోదు. అప్పు ఖాతా, సంతకం, ఫోటో, ఆధార్, అప్రైజర్ రాసిన తూకం అన్నీ బ్యాంకు దగ్గరే ఉన్నాయి. అప్పు తీసుకున్న మనిషే ఎదురుగా నిలబడినప్పుడు గుర్తింపు సరిచూసి, బాండు తీసుకుంటే చాలదా? జామీనుదారులెందుకు? అప్పు తీసుకున్నవారు చనిపోయి వారసులు వచ్చినప్పుడు సంగతి వేరు, అక్కడ జాగ్రత్త తప్పదు.

అందుకే అడుగుతున్నాను. రసీదు పోయిందని చెప్పిన రోజునే, కావాల్సిన కాగితాలన్నీ ఒకే జాబితాగా రాసి, ముద్ర వేసి ఇవ్వాలని ఆదేశించండి. జాబితాలో లేనిది తర్వాత అడగకూడదు. కాగితాలు అందిన రోజుకు అందినట్టు చీటీ ఇవ్వాలి, ఏడు పనిదినాల గడువు ఆ తేదీ నుంచి నడవాలి. ఈ చీటీ ఉంటే, ఫిర్యాదుకు 30 రోజుల్లో బ్యాంకు సరైన జవాబివ్వకపోయినప్పుడు, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే మీ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లేవారికి చూపడానికి ఒక తేదీ ఉంటుంది. మా అమ్మ దగ్గర అదే లేకపోయింది.

ఇట్లు,
ఒక ఖాతాదారు కూతురు