హెన్రీ ఫ్లెమింగ్ తల మీది గాయం

సంపాదకుల వారికి,

అయ్యా,

మీ సాహిత్య పుటలో ఇటీవల స్టీఫెన్ క్రేన్ రాసిన 'ది రెడ్ బ్యాడ్జ్ ఆఫ్ కరేజ్' నవలను పరిచయం చేస్తూ, ఇది ఒక పిరికి కుర్రవాడు మగవాడిగా, వీరుడిగా ఎదిగిన కథ అని రాశారు. డిగ్రీ విద్యార్థులు వల్లె వేసే గైడ్లలోనూ ఏళ్ల తరబడి ఇదే జవాబు ఉంది. చాలాకాలం ఇంగ్లిషు పాఠాలు చెప్పినవాడిగా నాకిది బాధ కలిగించింది, ఎందుకంటే ఏ వీరత్వాన్ని ఈ నవల నిలదీస్తున్నదో దాన్నే మనం పిల్లలకు నవల సారాంశంగా అప్పజెబుతున్నాం.

1895లో పుస్తకంగా వచ్చిన ఈ నవలకు నేపథ్యం అమెరికా అంతర్యుద్ధం. కథానాయకుడు హెన్రీ ఫ్లెమింగ్ పల్లెటూరి కుర్రవాడు. ప్రాచీన గ్రీకు యుద్ధాల ఊహలతో తల నింపుకొని సైన్యంలో చేరిన అతడు, గెలిచి డాలుతో తిరిగి రా, లేదా శవమై డాలు మీద రా అని తల్లి కూడా అంటుందని ఎదురుచూస్తాడు. ఖడ్గతిక్కన కథ విన్న మనకు ఈ ఆశ తెలియనిది కాదు. యుద్ధంలో వెన్నిచ్చి వచ్చాడని మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి మగడికి స్నానం ఏర్పాటు చేసిన ఇల్లాలిని మన చాటువులు ఈనాటికీ మెచ్చుకుంటున్నాయి. హెన్రీ తల్లి మాత్రం బంగాళాదుంపల తొక్క తీస్తూనే, ఎనిమిది జతల మేజోళ్లు అల్లి పెట్టాననీ, చిరిగితే పంపితే కుట్టి ఇస్తాననీ చెబుతుంది. చావడమో నీచమైన పని చేయడమో తేల్చుకోవలసి వస్తే ఏది న్యాయమో అదొక్కటే ఆలోచించమంటుంది. పరువు మాట ఎత్తని ఈ తల్లి కొడుకును నిరాశపరుస్తుంది. నవల మొదటి అధ్యాయంలోనే క్రేన్ ఎటువైపు ఉన్నాడో నాకు ఇక్కడే తెలుస్తుంది.

శత్రువు రెండోసారి విరుచుకుపడినప్పుడు హెన్రీ తుపాకీ పారేసి పారిపోతాడు. తరవాత గాయపడ్డ సైనికుల వరుసలో నడుస్తూ, తనకూ అలాంటి ఎర్రని చిహ్నం ఒకటి ఉంటే బాగుండునని అసూయపడతాడు. ఎక్కడ దెబ్బ తగిలిందని ఆప్యాయంగా అడిగిన ఒక చిరుగుబట్టల సైనికుడిని, అతడు మతి తప్పి తూలుతుండగానే, పొలంలో వదిలేసి వెళ్లిపోతాడు. చివరికి హెన్రీ కోరిన గాయం దొరుకుతుంది. బెదిరి పరుగెత్తుతున్న స్వపక్షపు సైనికుడొకడిని ఏం జరిగిందని చెయ్యి పట్టుకు ఆపితే, వాడు విడిపించుకోవడానికి తుపాకీ మడమతో తల మీద కొడతాడు. ఆ రాత్రి శిబిరంలో కాల్పుల్లో తగిలిందని హెన్రీ అబద్ధమాడతాడు. గాయాన్ని పరిశీలించిన కార్పొరల్, గుండు రాసుకుపోయిందని నిర్ధారిస్తూనే, ఎవరో కర్రతో మోదినట్టు బొప్పి కట్టిందని కూడా అంటాడు! నిజం అతడి నోటి దాకా వచ్చినా ఎవరికీ పట్టదు. మిత్రుడు విల్సన్ తన దుప్పటి ఇచ్చి పడుకోబెడతాడు. తెల్లవారాక హెన్రీకి కలిగే ఆలోచన నవలకంతటికీ ఆయువుపట్టు: తన తప్పులు చీకట్లో జరిగాయి, కనుక తాను ఇంకా మగవాడే. పౌరుషం మనిషి గుణమైతే చీకటికీ వెలుతురుకూ అందులో తేడా ఉండకూడదు కదా.

రెండో రోజు హెన్రీ నిజంగానే పోరాడతాడు, జెండా మోస్తాడు; దాన్ని కాదనడం అన్యాయం. అయితే ఆ పోరాటాన్ని క్రేన్ ఎలా రాశాడో చూడాలి. శత్రువులు వెనక్కి పోయాక కూడా అది గమనించకుండా హెన్రీ కాలుస్తూనే ఉంటాడు, పక్కవాడు చెబితే గాని ఆగడు. నిద్రపోయి లేచేసరికి వీరుడైపోయినట్టు అతడికే అనిపిస్తుంది. ముందురోజు పరుగెత్తింది ఏ వశం తప్పిన శరీరమో, ఈ రోజు కాల్చిందీ అదే. రెంటిలో ఒకదాన్ని సిగ్గు అనీ రెండోదాన్ని పరువు అనీ పిలిచేది చూసేవాళ్లే. పైగా తమ దళాన్ని ఒక అధికారి కంచరగాడిదలు తోలేవాళ్లని చులకన చేయడం హెన్రీ చెవిన పడుతుంది, ఆ కసి అతడి ధైర్యానికి ఆజ్యం పోస్తుంది.

చివరి పుటల్లో తాను మగవాడినని హెన్రీ అనుకున్న మాట నిజమే, గైడ్లు పట్టుకున్నదీ దాన్నే. ఆ మాటకు కాస్త ముందే, పొలంలో వదిలేసిన సైనికుడు గుర్తొచ్చి, తోటివాళ్లు తన ముఖంలో అది చదివేస్తారేమోనని హెన్రీ వణికిపోతాడు. ఎవరికీ చెప్పకుండానే ఆ పాపాన్ని దూరంగా పెట్టేస్తాడు.

అందుకే అధ్యాపకులు ఈ నవలతో పాటు, 1896లో క్రేన్ రాసిన 'ది వెటరన్' కథను కూడా తరగతిలో చదివించాలని కోరుతున్నాను. అందులో ముసలివాడైన హెన్రీ, అంగడిలో ఊరివాళ్ల ఎదుట, తాను మొదటి యుద్ధంలో పారిపోయానని ఏ సంకోచమూ లేకుండా చెబుతాడు. వింటున్న పెద్దలెవరూ అతడిని తక్కువగా చూడరు. తాతను వీరుడిగా కొలిచే మనవడు మాత్రం సిగ్గుతో కుంగిపోతాడు. ఆ మనవడికి ఆ సిగ్గు ఎవరు నేర్పారో విద్యార్థులను ఆలోచించి రాయమంటే, గైడ్లలో జవాబు దొరకని ప్రశ్న ఒకటి పరీక్షలో ఉంటుంది.

ఇట్లు,
విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
గుంటూరు.