నెట్ కోటా అయిపోయాక ఆ 512 కేబీపీఎస్ ఏమిటి సార్?

మా ఇంటర్నెట్ సంస్థ సర్కిల్ జనరల్ మేనేజర్ గారికి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి నమస్కారం.

రెండు అర్జీలు పెట్టినా జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను. ప్రతి నెలా 20వ తేదీ దాటగానే మా ఇంటి నెట్ స్పీడ్ టెస్ట్‌లో సరిగ్గా అర ఎంబీపీఎస్ దగ్గర కదలకుండా నిలబడుతుంది, రూటర్ ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా అంతే, 1వ తేదీన దానంతటదే బాగైపోతుంది, అంటే లోపం లైన్‌ది కాదు, నెలవారీ డేటా కోటాది.

మా అమ్మాయికి తెలుగులో పాఠాలు దొరికేది ఆన్‌లైన్‌లోనే. 200 ఎంబీ వీడియో దిగడానికి 52 నిమిషాలు పడుతోంది, రాత్రి పదింటికి డౌన్‌లోడ్ పెట్టి పక్కనే నిద్రపోతోంది.

కోటా తర్వాత 512 కేబీపీఎస్‌కు తగ్గకూడదన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఇచ్చిన ఆదేశం, అప్పట్లో బ్రాడ్‌బ్యాండ్ అంటేనే అంత. 2023లో ఆ నిర్వచనం 2 ఎంబీపీఎస్ అయింది. మా కోటా తర్వాతి వేగాన్నీ అక్కడికి పెంచండి, అదే పాఠం 13 నిమిషాల్లో దిగుతుంది.