తమ్ముడి ఆడిషన్, సూట్‌కేసు లెక్క

హన్మకొండ

అరేయ్ రాజు,

మీ తమ్ముడు బిగ్‌బాస్‌కు సామాన్యుల కోటాలో దరఖాస్తు పెడతానంటున్నాడని రాసినవు కదా. పెట్టనివ్వు, ఆపకు. కానీ లోపలికి పోయేముందు ఓట్ల లెక్క ఎట్లా నడుస్తదో వాడికి తెలియాలి. ఆ ఒక్కటీ వివరంగా రాస్తున్నా, వాడికి చదివి వినిపించు.

ఎంపిక సంగతి ముందు చెప్పేస్తా. 2025లో అగ్నిపరీక్ష పేరుతో సామాన్యులను జడ్జీల ముందు నిలబెట్టి, టాస్కులు పెట్టి వడపోసిన్రు. అక్కడ మంచివాడా కాదా అని చూడరు. ఇప్పటికే ఇంట్లోకి పంపాలనుకున్న వాళ్ల మధ్య వీడు పడితే మాటా మాటా పెరుగుతదా, కథ నడుస్తదా అని చూస్తరు. ఒకే తీరు మనుషులు ఇద్దరుంటే ఒకరే చాలు. అందుకే అక్కడ కాదన్నంత మాత్రాన వాడిలో లోపమున్నట్టు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. వారానికోసారి నామినేషన్లు అయితయి, అంటే ఎవరిని బయటికి పంపాలో ఇంట్లోవాళ్లే పేర్లు చెప్తరు. ఆ లిస్టులో ఉన్నవాళ్లకే మనం ఓటేస్తం, అదీ కాపాడడానికి. అందరికన్నా తక్కువ ఓట్లు వచ్చినవాళ్లు బయటికి. అంటే ఎలిమినేషన్‌తో తేలేది ఇంట్లో అందరికన్నా ఎవరు పనికిరారన్నది కాదు, ఆ వారం ఆ లిస్టులో ఎవరికి తక్కువ పడ్డయన్నదే. జనాలు ఇక్కడే పొరబడి, ఓట్లు తారుమారు చేసిన్రని గొడవ పడతరు.

ఒక లెక్క చూడు. వందమంది ఓటేస్తరనుకో. అందులో 24 మందికి నీ తమ్ముడూ ఇష్టమే, వాడి దోస్తూ ఇష్టమే. లిస్టులో దోస్తు లేకుండా వాడుంటే ఆ 24 ఓట్లూ వాడికే, హాయిగా గట్టెక్కుతడు. అదే వారం ఇద్దరూ నామినేట్ అయితే చెరి 12 పంచుకుంటరు. అదే లిస్టులో మూడో మనిషి ఉన్నడు, అతన్ని చాలామంది తిట్టుకుంటరు, కానీ 13 మంది మాత్రం వదలకుండా ఓటేస్తరు. మిగతా ఓట్లు లిస్టులోని వేరేవాళ్లకు ఇంకా ఎక్కువగా పడినయనుకో, అతను ఉంటడు, ఈ ఇద్దర్లో ఒకడు పోతడు. ఓట్లలో మోసం ఏమీ లేకుండానే ఇంత జరుగుతది. కాబట్టి దోస్తుతో పాటు ఒకే వారం లిస్టులో పడకుండా చూసుకొమ్మని వాడికి గట్టిగా చెప్పు. ఇంకోటి, కెప్టెన్సీ గెలిచి వారాలకు వారాలు నామినేషన్ తప్పించుకుంటే సేఫ్ అనిపిస్తది కానీ, వాడికంటూ ఓటేసే అలవాటు బయట ఎవరికీ పడదు. చివరి వారాల్లో ఒక్కసారి లిస్టులోకొస్తే అప్పుడు తెలుస్తది.

ఓట్లతో పనిలేకుండా బయటికొచ్చే దారి కూడా ఉంది. మన జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ 2020లో ఆరోగ్యం బాగాలేక తానే పంపించమని అడిగి వచ్చింది. ఆమెకు జనం అభిమానం తక్కువేం కాదు.

ఇక ఫినాలే. నాకు బాగా గుర్తున్నది ఆరో సీజన్, 2022 డిసెంబరు. చివరికి మిగిలింది రేవంత్, శ్రీహాన్. ప్రైజ్‌మనీ 50 లక్షలు. పోటీ వదులుకుంటే ఇస్తమని స్టేజీ మీద సూట్‌కేసు డబ్బు ఆఫర్ పెంచుకుంటూ పోయి 40 లక్షల దగ్గర ఆపితే శ్రీహాన్ తీసుకున్నడు. రేవంత్ విన్నర్ అయ్యిండు. ఆ తర్వాత నాగార్జున చెప్పిన మాట ఏందంటే, ఓట్లు ఎక్కువ వచ్చింది శ్రీహాన్‌కే అని! నేనైతే టీవీ ముందు లేచి నిలబడ్డ.

శ్రీహాన్ తప్పు చేసినట్టా? నేను ఒప్పుకోను. లోపలున్నోళ్లకు ఓట్ల లెక్క కనబడదు. చేతిలో 40 ఖాయం, గెలిస్తే 50. అంటే గెలుస్తానని పదింట ఎనిమిది పాళ్లకన్నా ఎక్కువ నమ్మకముంటేనే కాదనడం లాభం. సగం సగం పోటీలో అంత ధీమా ఎవరికుంటది? అంతకు ముందు 2020లో మన కరీంనగర్ సోహెల్ కూడా ముగ్గురు మిగిలినప్పుడు 25 లక్షలు తీసుకుని పక్కకు జరిగిండు. అప్పుడూ ప్రైజ్ 50 లక్షలే. ముగ్గుర్లో తానే గెలిచే అవకాశం సగానికి తక్కువ అనుకుంటే అది సరైన లెక్కే. ఆ డబ్బు ప్రైజ్‌మనీలోంచే తగ్గింది, విన్నర్ అభిజీత్‌కు మిగతా 25 దక్కింది. నాకు నచ్చనిది ఒక్కటే, ఓటేసిన జనానికి సూట్‌కేసు మాట ముందు తెలియదు. వాళ్లు ట్రోఫీ కోసం ఓటేస్తరు, అక్కడ డబ్బుతో వేరే లెక్క తేలుతది.

ఇంకొకటి, ఇట్లాంటి ప్రైజ్ మీద 30 శాతం టీడీఎస్ ముందే కోస్తరు. 40 లక్షలంటే 12 లక్షలు అక్కడే పోయినట్టు. ఇంట్లో వాళ్లకు ఇది చెప్పకపోతే లేనిపోని ఆశలు పెట్టుకుంటరు.

వెబ్‌సైట్లలో వచ్చే అనధికార పోల్స్ చూసి మీరు టెన్షన్ పడకండి. అవి ఆ సైటు తెరిచినోళ్ల ఓట్లే. యాప్‌లో వేసేవాళ్లు, మిస్డ్‌కాల్ ఇచ్చే మన అమ్మలు, అక్కలు అందులో ఉండరు.

తమ్ముడు వీడియో తీసినంక పంపక ముందు నాకు చూపించమను. దసరాకు వరంగల్ వస్తే కూర్చుని మాట్లాడుకుందాం.

నీ
శ్రీను