జీతం కోసేటప్పుడు ఉద్యోగిని, ఉత్తరం అడిగితే ఫ్రీలాన్సర్‌ని: ఏడు వారాలుగా జవాబు లేని నా ఫిర్యాదు

మానవ వనరుల విభాగం అధిపతి గారికి,

నమస్కారం. ఇదే విషయం మీద నేను రాస్తున్న తొమ్మిదో ఉత్తరం ఇది. మొదటి ఎనిమిదింటికీ కలిపి నాకు వచ్చినవి రెండు ఆటోమేటిక్ రిప్లైలు, ఒక "సమస్య పరిష్కరించబడింది" అనే మెసేజ్. ఏ సమస్యను ఎవరు పరిష్కరించారో నాకు ఇప్పటికీ తెలియదు. పరిష్కరించినవారికి నా అభినందనలు అందజేయగలరు.

నేను అడిగింది చాలా చిన్న విషయం. మీ కంపెనీలో మూడేళ్ల రెండు నెలలుగా పనిచేస్తున్నానని ఒక ఉత్తరం ఇవ్వమన్నాను. అంతే. అప్పుడు డబ్బు అడగలేదు, హోదా అడగలేదు. ఆ ఉత్తరం ఆ వారంలోనే ఇచ్చి ఉంటే ఇంత దూరం వచ్చేదాన్నే కాదు.

మొదట హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేశాను. "మీ ఉద్యోగి నంబర్ చెప్పండి మేడమ్" అంది ఆ అమ్మాయి. నాకు నంబర్ లేదన్నాను. "నంబర్ లేకపోతే టికెట్ ఓపెన్ అవదు మేడమ్." మరి నేనేం చేయాలి? "నంబర్ తెచ్చుకోండి మేడమ్." గొంతులో విసుగు కూడా లేదు పాపం, ఎదురుగా స్క్రీన్ మీద ఏముంటే అది చదువుతోంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు.

వెండర్ల విభాగానికి వెళ్లమన్నారు. అక్కడ ఒకాయన ఫైలు తిరగేసి, "మీరు వెండర్ కదండీ, వెండర్లకు పనిచేసినట్టు ఉత్తరం ఏమిటి?" అన్నారు. సరే, వెండర్‌గానే నా ఫిర్యాదు తీసుకోండి అన్నాను. "మీకు రోజూ పని చెప్పేది టీమ్ లీడ్ కదా, ఇది మా పరిధిలోకి రాదు" అన్నారు. రెండు వాక్యాల మధ్య ఆయన ఊపిరి కూడా తీసుకోలేదు. మొదటి వాక్యంలో బయటి మనిషిని, రెండో వాక్యంలో లోపలి మనిషిని అయిపోయాను.

జీతాల విభాగం వాళ్లు జాబితాలో నా పేరు లేదన్నారు. లీగల్ నుంచి ఒక్క లైను వచ్చింది: "ఒప్పందంలోని 14వ క్లాజు చూడగలరు." చూశాను. ఈ ఒప్పందం వల్ల యజమాని, ఉద్యోగి సంబంధం ఏర్పడదని అందులో ఉంది. చివరికి టీమ్ లీడ్ దగ్గరికి వెళితే, "నా చేతిలో ఏముందమ్మా, హెల్ప్‌డెస్క్‌లో టికెట్ వేయి" అన్నారు. అలా ఐదు గుమ్మాలు తిరిగి మొదటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

తమాషా ఏమిటంటే, లీగల్ వాళ్ల ఆ లైను వచ్చిన మధ్యాహ్నమే మీ విభాగం నుంచి నాకు ఇంకో మెయిల్ వచ్చింది. "ప్రియమైన ఉద్యోగులారా" అని మొదలైంది. పొద్దున తొమ్మిదిన్నరకల్లా లాగిన్ అవని వాళ్లను లీడ్‌లు గమనిస్తారట. క్రమశిక్షణ దగ్గరికి వచ్చేసరికి నేను మీకు ప్రియమైన ఉద్యోగినే.

ఆ 14వ క్లాజు చూడమన్నారు కాబట్టి, దానికి బయట ఏం జరిగిందో కూడా మీరు చూడాలి.

ఒక మాట ఒప్పుకుంటాను. మొదటి నాలుగు నెలలు నేను నిజంగానే ఫ్రీలాన్సర్‌ని. మీరు వీడియో పంపేవారు, నేను సబ్‌టైటిల్స్ చేసి గడువులోగా ఇచ్చేదాన్ని. వీడియోకి ఇంత అని రేటు నేను చెప్పాను, మీరు కాస్త బేరమాడారు, కుదిరింది. కంప్యూటర్ నాది, సాఫ్ట్‌వేర్ నాది. రాత్రి రెండింటికి చేశానా, పగలు చేశానా అని ఎవరూ అడగలేదు. అప్పుడు నాకు ఇంకో ఇద్దరు క్లయింట్లు ఉండేవారు. ఒకసారి నా పొరపాటు వల్ల టైమింగ్ మొత్తం తప్పితే మళ్లీ చేసిచ్చాను, దానికి పైసా తీసుకోలేదు. అది నా వ్యాపారం, నష్టం నాది. ఆ నాలుగు నెలల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఐదో నెలలో మారింది. ఒప్పంద పత్రంలో ఒక్క అక్షరం మారలేదు, మిగతావన్నీ మారాయి. వీడియోకి ఇంత అనేది పోయి నెలకు ఇంత అయింది. కంపెనీ ల్యాప్‌టాప్ వచ్చింది. దాని వెనుక ఆస్తి నంబర్ స్టిక్కర్ అంటించి ఉంది (ల్యాప్‌టాప్‌కి కూడా నంబర్ ఉంది, గమనించగలరు). తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర దాకా ఆన్‌లైన్‌లో ఉండాలన్నారు. మిగతా ఇద్దరు క్లయింట్లను వదిలేయమని కాగితం మీద ఎవరూ రాయలేదు. "రెండు పడవల మీద కాళ్లెందుకమ్మా, మేమున్నాంగా" అని లీడ్ అన్నారు. వదిలేశాను. అప్పటినుంచి నా సంపాదన మొత్తం మీ దగ్గరే. 34 నెలలు, 34 ఇన్‌వాయిస్‌లు, వరుస నంబర్లు, అన్నీ ఒకే కంపెనీకి. నిజమైన వ్యాపారం చేసే మనిషి బిల్లు పుస్తకం అలా ఉంటుందా?

ఆ మాటకొస్తే ఆ ఇన్‌వాయిస్‌లు కూడా నేను చేసినవి కావు. ప్రతి నెలా 25న మీ అకౌంట్స్ నుంచి ఒక ఫైలు వస్తుంది. అందులో నా పేరు, నంబర్, తేదీ, మొత్తం అన్నీ నింపే ఉంటాయి. కింద సంతకం పెట్టి తిప్పి పంపడమే నా పని. నేను మీకు ఎంత బిల్లు వేయాలో మీరే నాకు చెబుతున్నారు. దీన్ని మామూలు భాషలో జీతం చీటీ అంటారు.

ఇప్పుడు కిందటేడు నాకు జ్వరం వచ్చిన నెల సంగతి చెబుతాను. ఇదొక్కటి చదివి మిగతాది పక్కన పడేసినా ఫరవాలేదు. ఆ నెలలో పనిదినాలు 22. నాలుగు రోజులు లేవలేకపోయాను. పడుకునే లీడ్‌కి ఫోన్ చేసి, ఇదే పని చేసే స్నేహితురాలు ఉంది, ఆమెతో చేయించి పంపుతాను, డబ్బు నేనే ఇచ్చుకుంటాను అన్నాను. ఫ్రీలాన్సర్ అన్నాక పని అందాలి గానీ ఎవరి చేత్తో అయితేనేం? "అలా కుదరదు, నువ్వే చేయాలి" అన్నారు. సరేనని తగ్గాక రెండు శనివారాలు కూర్చుని పూర్తి చేశాను. నెలకు 20 వీడియోలు అనుకున్నాం, 20 అందాయి, గడువులోనే. నెలాఖరుకు ఇన్‌వాయిస్ వచ్చింది. అందులో 22లో 4 రోజులు కోసేశారు, అంటే 18 శాతం. పనికి డబ్బు ఇచ్చేటట్టయితే 20 వీడియోలకూ ఇవ్వాలి. రోజులకు డబ్బు ఇచ్చేటట్టయితే నేను ఉద్యోగిని, జబ్బు సెలవు ఏమైంది? రెండిట్లో ఏది ఎక్కువ నష్టమో చూసి అది నాకు అంటగట్టారు. ఆ శనివారాలు ఎవరి ఖాతాలో పడ్డాయో అడిగితే లీడ్ నవ్వారు.

మీ లీగల్ వాళ్లు 14వ క్లాజుతో పని అయిపోయిందనుకుంటున్నారేమో. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లోనే 198వ నంబర్ సిఫార్సు చేసింది. ఒప్పందంలో ఏ పేరు పెట్టుకున్నా, పని ఎలా జరుగుతోంది, డబ్బు ఎలా ఇస్తున్నారు అనే వాస్తవాలను బట్టే ఉద్యోగమా కాదా తేల్చాలని అందులో ఉంది. ఎవరి అజమాయిషీలో పని చేస్తున్నారు, స్వయంగా చేయాలా, వేళలు ఎవరు పెడుతున్నారు, పనిముట్లు ఎవరివి, డబ్బు క్రమంగా వస్తోందా, అదే ఆదాయంలో ముఖ్యమైనదా, నష్టం వస్తే ఎవరు భరిస్తారు లాంటి గుర్తులు కూడా చెప్పింది. అది సిఫార్సే గదా, చట్టం కాదు గదా అంటారు, నిజమే. కానీ చాలా దేశాల కోర్టులు పేరు పక్కన పెట్టి పని తీరే చూస్తున్నాయి. వాటిలో ఏదో ఒక్క గుర్తు ఉందని ఉద్యోగి అయిపోరని నాకూ తెలుసు. సొంత కంప్యూటర్ మీద పనిచేసే ఉద్యోగులూ ఉంటారు, ఏళ్ల తరబడి ఒకే క్లయింటుకు చేసే నిజమైన ఫ్రీలాన్సర్లూ ఉంటారు. అన్నీ కలిపి చూసినప్పుడు ఎటు మొగ్గుతోందన్నదే లెక్క. నా విషయంలో మీ వైపు మొగ్గేది ఏదైనా ఉంటే, 14వ క్లాజు కాకుండా, ఒక్కటి చూపించండి.

మూడేళ్లలో ఒక్క గడువు తప్పలేదు. మీ పెద్ద క్లయింటు రాత్రికి రాత్రే అన్నీ మార్చమన్నప్పుడు తెల్లవార్లూ కూర్చున్నది నేనే. మర్నాడు గ్రూపులో "మన కుటుంబం" అని రాశారు మీరు. ఆ కుటుంబంలో నేను ఏమవుతానో చెప్పడానికి ఇప్పుడు ఐదు విభాగాలు చాలలేదు. ఇంకో చోట చేరదామంటే అనుభవం చూపించడానికి కాగితం లేదు. సెలవులు లేవు, సామాజిక భద్రత కింద మీ వంతు పడలేదు, రేపు పొమ్మంటే నోటీసు కూడా అక్కర్లేదట. ఈ టెన్షన్‌తోనే తొమ్మిదిన్నరకు లాగిన్ అవుతున్నాను.

కాబట్టి ఇప్పుడు నాకు ఉత్తరం ఒక్కటే సరిపోదు. ఐదో నెల నుంచి నేను ఉద్యోగినని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అప్పటినుంచి రావలసిన సెలవులూ మీ వంతు కట్టవలసినవీ లెక్కగట్టాలి, ఆ 18 శాతం కూడా. లేదంటారా, మాటమీద నిలబడండి. రేపటినుంచి నా రేటు నేను చెబుతాను, నా వేళల్లో చేస్తాను, కుదరనప్పుడు నా స్నేహితురాలు చేస్తుంది, ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. రెండూ కాదంటే పది రోజులు చూసి కార్మిక శాఖ తనిఖీ అధికారికి ఇస్తాను. 34 ఇన్‌వాయిస్‌లూ, వాటిని మీ అకౌంట్స్ పంపిన మెయిల్స్‌తో సహా, దాచే ఉంచాను. మా టీమ్‌లో నాలాంటి "వెండర్లు" ఇంకో ఆరుగురు ఉన్నారు. ఇప్పటిదాకా వాళ్లతో ఈ సంగతి మాట్లాడలేదు.

ఇట్లు,
నంబర్ లేని మీ ప్రియమైన ఉద్యోగి

తా.క.: ఈ ఉత్తరం రాసుకోవడానికి నిన్న మధ్యాహ్నం నుంచి సగం రోజు సెలవు అడిగాను. లీడ్ "మంజూరు చేశాను, డబ్బు కట్ అవుతుంది" అని మెయిల్ పెట్టారు. దాన్ని కూడా జత చేశాను.